వంద శాతం కన్నా ఎనభై శాతమే ప్రమాదం కావచ్చు
యాంజియోగ్రామ్ రిపోర్టును ఎలా చదవాలి?

యాంజియోగ్రామ్ పూర్తయి డాక్టరు బయటికి రాగానే ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. ఎన్ని బ్లాకులు? ఎంత శాతం? ఆ రెండు అంకెలు దొరికాయంటే ఫోన్లు మొదలవుతాయి. "మూడు బ్లాకులంట, ఒకటైతే వంద శాతమంట" అన్న మాట సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోతుంది. ఆ బ్లాకు ఏ నాళంలో ఉంది, నాళంలో ఏ చోట ఉంది, దాని అవతల రక్తం ఎలా పారుతోంది అన్నవి మాత్రం ఎవరూ అడగరు. రిపోర్టు రాసే డాక్టరుకు ముందు కావలసింది అవే. శాతం వాటి తర్వాతే.

రిపోర్టు చాలాసార్లు ఒకటి రెండు పేజీలకు మించదు. పైన కొన్ని వివరాలుంటాయి. పరీక్ష ఎందుకు చేశారు, మణికట్టు దగ్గరి రేడియల్ ధమని నుంచి చేశారా, గజ్జ దగ్గరి ఫెమోరల్ నుంచి చేశారా, ఆ సమయంలో బీపీ ఎంత ఉంది వంటివి. తర్వాత గుండె రక్తనాళాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. అన్నిటికన్నా కింద 'ఇంప్రెషన్' అని సారాంశం, దాని కింద సలహా. ఏ ఊళ్ళో చేయించినా ఈ వరస పెద్దగా మారదు. వరస తెలిస్తే రిపోర్టు సగం అర్థమైనట్టే. ఎందుకంటే చివర రాసిన సలహా పైనున్న వరసల్లోంచే పుట్టాలి. అలా పుట్టకపోతే ఎందుకని అడగవలసిందే.

నాళాల వరస

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదట్లోనే గుండె కండరానికి రక్తం ఇచ్చే రెండు నాళాలు పుడతాయి. రిపోర్టు సాధారణంగా ఎడమ దానితో మొదలవుతుంది. దాని మొదటి ముక్క పేరు లెఫ్ట్ మెయిన్. పొడవు ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. వెంటనే అది రెండుగా చీలుతుంది. గుండె ముందు భాగం మీదుగా కొన వరకు దిగే కొమ్మ ఎల్ఏడీ. దాని నుంచి పక్కకు వెళ్ళే చిన్న కొమ్మలను డయాగనల్స్ అంటారు. గుండెను చుట్టి వెనక్కి తిరిగే రెండో కొమ్మ సర్కమ్‌ఫ్లెక్స్, రిపోర్టులో ఎల్‌సీఎక్స్. దాని కొమ్మలు ఓఎం-1, ఓఎం-2 అన్న పేర్లతో కనిపిస్తాయి. కుడివైపు నాళం ఆర్‌సీఏ.

నాళాల వివరాల్లోనే 'డామినెంట్' అన్న మాట ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. గుండె అడుగు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే కొమ్మ ఏ నాళం నుంచి వస్తే ఆ నాళం డామినెంట్. నూటికి 80 మందికి పైగా అది ఆర్‌సీఏ నుంచే వస్తుంది. కొందరిలో ఎల్‌సీఎక్స్ నుంచి వస్తుంది. అలాంటివారిలో ఆర్‌సీఏ సన్నగా, చిన్నగా ఉంటుంది. అది 90 శాతం పూడినా డాక్టరు ముట్టుకోకపోవచ్చు. అదే 90 శాతం డామినెంట్ ఆర్‌సీఏలో ఉంటే మాట వేరు.

ప్రతి నాళం పక్కన జాగ్రత్తగా రాసిన రిపోర్టులో నాలుగు విషయాలు కనిపిస్తాయి. నాళం పెద్దదా చిన్నదా అన్నది మొదటిది. పూడిక మొదటి భాగంలో ఉందా, మధ్యలోనా, చివరనా, కొమ్మ చీలే చోటా అన్నది రెండోది. ఎంత శాతం, పొడవైనదా, సున్నం పట్టిందా అన్నది మూడోది. దాని అవతలికి రక్తం ఎలా వెళ్తోందన్నది నాలుగోది. ఈ ప్రవాహాన్ని 'టిమి' అనే గ్రేడుతో సూచిస్తారు. టిమి 3 అంటే మామూలు వేగం, టిమి 0 అంటే అవతలికి ఏమీ వెళ్ళడం లేదు.

వీటిలో చోటుకున్న విలువ రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కాలువ తల దగ్గర పూడిక పడితే ఆయకట్టంతా ఎండుతుంది, చివరి బోదెలో పడితే రెండు మళ్ళు ఎండుతాయి. ఎల్ఏడీ మొదటి భాగంలోని 70 శాతానికీ, గుండె కొన దగ్గరి 70 శాతానికీ ఉన్న తేడా అదే. మొదటి దానికి స్టెంటో బైపాసో ఆలోచిస్తారు. రెండో దానికి చాలాసార్లు మందులతో సరిపెడతారు. అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే.

శాతం ఎలా వస్తుంది?

పూడిక పక్కన బాగున్న చోట నాళం వెడల్పు 3 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా ఇరుకైన చోట 0.9 మిల్లీమీటర్లు ఉంటే 70 శాతం బ్లాకు అని రాస్తారు. అంటే ఇది వెడల్పులో తగ్గుదల. వెడల్పు 70 శాతం తగ్గితే రక్తం పారే దారి వైశాల్యం 91 శాతం తగ్గినట్టు. వెడల్పులో 50 శాతం అంటే వైశాల్యంలో 75 శాతం. రిపోర్టులో ఉండే అంకె సాధారణంగా వెడల్పుదే.

70 అన్న గీత ఊరికే గీసింది కాదు. అమెరికాలో లాన్స్ గౌల్డ్, ఆయన సహచరులు 1974లో కుక్కల గుండె నాళాలను కొద్దికొద్దిగా బిగించి చూశారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు నాళం సుమారు 85 శాతం ఇరుకయ్యేదాకా రక్తప్రవాహం తగ్గలేదు. గుండెకు ఎక్కువ రక్తం అవసరమైనప్పుడు మాత్రం అంతకన్నా చాలా ముందే తగ్గడం మొదలైంది. కూర్చుంటే ఏమీ లేని మనిషికి మెట్లెక్కగానే ఛాతీ పట్టేయడానికి కారణం ఇదే. ఈ లెక్కల ఆధారంగానే మిగతా నాళాల్లో 70 శాతాన్ని, ఎక్కువ కండరం ఆధారపడే లెఫ్ట్ మెయిన్‌లో 50 శాతాన్నే ముఖ్యమైన బ్లాకుగా పరిగణిస్తారు.

అయితే ఆ శాతాన్ని చాలాచోట్ల డాక్టరు కంటితో చూసే అంచనా వేస్తారు. ఒకే ఫిలింను ఇద్దరు నిపుణులు చూస్తే ఒకరు 60, ఇంకొకరు 75 అనవచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేసినట్టు కాదు. 95 శాతం ఉన్నచోట ఈ తేడా ఏమీ చేయదు. మధ్యస్థంగా ఉన్న 40 నుంచి 70 శాతం దగ్గరే చిక్కు వస్తుంది.

ఆ చిక్కును తీర్చడానికి ఒక పరీక్ష ఉంది. సన్నని ప్రెజర్ వైరును బ్లాకు దాటించి, నాళాన్ని పూర్తిగా తెరిపించే మందు ఇచ్చి, బ్లాకు ముందు పీడనాన్నీ అవతలి పీడనాన్నీ పోలుస్తారు. దీన్ని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. అవతలి పీడనం ముందున్న పీడనంలో 0.80 వంతు లేదా అంతకన్నా తక్కువైతే ఆ బ్లాకు నిజంగా రక్తాన్ని ఆపుతోందని అర్థం. ఫేమ్ అనే అధ్యయనంలో నాళాలను ఇలా కొలిచి చూస్తే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన బ్లాకుల్లో నూటికి 35 మాత్రమే రక్తాన్ని ఆపుతున్నాయి. 71 నుంచి 90 శాతంగా కనిపించినవాటిలో కూడా నూటికి 20 ఆపడం లేదు. అందుకే రిపోర్టులో '60 శాతం, ఎఫ్ఎఫ్ఆర్ అవసరం' అని ఉంటే డాక్టరు తేల్చుకోలేకపోయారని అనుకోవద్దు. సరిగ్గా రాశారనే అనుకోవాలి.

అంకె మోసం చేసే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. బ్లాకు నాళానికి ఒకే పక్కన ఉంటే ఒక కోణంలో 80గా, ఇంకో కోణంలో 40గా కనిపిస్తుంది. అందుకే ఒక్కో నాళాన్ని కనీసం రెండు కోణాల్లో చూడాలి. క్యాథెటర్ కొన తగిలి నాళం ముడుచుకుంటే, ముఖ్యంగా ఆర్‌సీఏ మొదట్లో, లేని బ్లాకు ఉన్నట్టు కనిపిస్తుంది. నైట్రోగ్లిజరిన్ ఇచ్చి మళ్ళీ చూస్తే అది మాయమవుతుంది. మధుమేహం ఉన్నవాళ్ళలో దీనికి తలకిందుల ఇబ్బంది. నాళం పొడవునా పూడిక పట్టి ఉంటే పోల్చడానికి బాగున్న చోటంటూ దొరకదు. అలాంటప్పుడు శాతం తక్కువగా వస్తుంది, జబ్బు మాత్రం ఎక్కువగా ఉంటుంది. రిపోర్టులో 'డిఫ్యూజ్ డిసీజ్' అన్న మాట ఉంటే అంకెను ఆ దృష్టితో చూడాలి.

ఒక రిపోర్టును విప్పి చూద్దాం

ఎలా చదవాలో చూపడానికి ఒక రిపోర్టును మచ్చుకు అల్లుకుందాం. 58 ఏళ్ళ మనిషి. పదేళ్ళుగా షుగరు. గుండెపోటు రాలేదు కానీ కాస్త వేగంగా నడిస్తే ఛాతీ బిగుస్తోంది, ఆగితే తగ్గుతోంది. ఎకోలో గుండె పంపింగ్ 50 శాతం. రిపోర్టులో నాళాల భాగం ఇలా ఉందనుకోండి.

లెఫ్ట్ మెయిన్: బ్లాకు లేదు.
ఎల్ఏడీ: పెద్ద నాళం, గుండె కొనను చుట్టి వెళ్తోంది. మొదటి భాగంలో 80 శాతం పొడవైన బ్లాకు, మొదటి డయాగనల్ చీలే చోటు కూడా అందులో ఉంది. చివరి భాగం బాగుంది. టిమి 3.
డయాగనల్-1: ఓ మోస్తరు సైజు. మొదట్లో 70 శాతం.
ఎల్‌సీఎక్స్: నాన్ డామినెంట్. ఓఎం-1లో 60 శాతం.
ఆర్‌సీఏ: డామినెంట్. మధ్య భాగంలో 100 శాతం, పాత బ్లాకు. చివరి భాగం ఎల్ఏడీ నుంచి వచ్చే కొలాటరల్స్ ద్వారా నిండుతోంది.

ఇంట్లోవాళ్ళ చూపు ముందు ఆర్‌సీఏ పక్కనున్న 100 మీద పడుతుంది. నాళం పూర్తిగా మూసుకుపోయినా మనిషి ఎలా నడుస్తున్నాడన్న అనుమానమూ వస్తుంది. దానికి జవాబు ఆ వరస చివర్లోనే ఉంది. నాళం నెలల తరబడి మెల్లగా మూసుకుపోతుంటే పక్క నాళాల నుంచి సన్నని దారులు తెరుచుకుని అవతలి భాగానికి రక్తం అందిస్తాయి. వాటినే కొలాటరల్స్ అంటారు. పూర్తిగా మూసుకుని మూడు నెలలు దాటిన బ్లాకును సీటీఓ అని రాస్తారు. ఈ మనిషి గుండె కింది భాగం ఆ దొంగదారుల మీదే బతుకుతోంది.

ఆ దారులు ఎక్కడి నుంచి వస్తున్నాయో మళ్ళీ చూడండి. ఎల్ఏడీ నుంచి. ఆ ఎల్ఏడీ మొదట్లోనే 80 శాతం బ్లాకు ఉంది. అంటే ఎల్ఏడీ తన సొంత భాగాన్ని పోషిస్తూనే ఆర్‌సీఏ వంతు భారమూ మోస్తోంది. రేపు ఆ 80 మీద రక్తం గడ్డకట్టి మూసుకుపోతే గుండె ముందు భాగం, కింది భాగం రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. ఈ రిపోర్టులో వంద కన్నా ఎనభై ప్రమాదమని అనడానికి కారణం ఇదే. నాళాల వరసలను ఒకదానితో ఒకటి కలిపి చదివితే తప్ప ఈ సంగతి బయటపడదు.

ఇక ఓఎం-1లోని 60. ఇది 'డబుల్ వెసెల్'కూ 'ట్రిపుల్ వెసెల్'కూ మధ్య ఊగుతున్న అంకె. ఇక్కడ చాలామందికి ఒక పొరపాటు జరుగుతుంది. వెసెల్ లెక్క బ్లాకుల లెక్క కాదు. ఎల్ఏడీ, ఎల్‌సీఎక్స్, ఆర్‌సీఏ అనే మూడు ప్రధాన నాళాల్లో ఎన్నిటిలో ముఖ్యమైన బ్లాకు ఉందన్నదే ఆ లెక్క. ఒక్క ఎల్ఏడీలోనే మూడు బ్లాకులున్నా అది సింగిల్ వెసెల్ డిసీజే. మన రిపోర్టులో ఓఎం-1ను పక్కన పెడితే డబుల్ వెసెల్, కలిపితే ట్రిపుల్. అందుకే దాన్ని విడిగా 'సరిహద్దు బ్లాకు' అని పేర్కొనడం నిజాయితీగల రాత. అన్నిటినీ కలిపి 'సివియర్ ట్రిపుల్ వెసెల్ డిసీజ్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చదివినవాళ్ళకు ఆ తేడా కనిపించదు.

చివరి వరస ఎలా రాయాలి?

సలహా సాధారణంగా మూడింటిలో ఒకటి అవుతుంది. 'మెడికల్ మేనేజ్‌మెంట్' అంటే మందులు. 'పీటీసీఏ' లేదా 'పీసీఐ' అంటే బెలూను, స్టెంటు. 'సీఏబీజీ' అంటే బైపాస్ ఆపరేషన్. తేలని చోట ఎఫ్ఎఫ్ఆర్ వంటి ఇంకో పరీక్ష అని రాస్తారు.

మన మనిషి విషయంలో సలహా బైపాస్ వైపు మొగ్గుతుంది. దానికి కారణాలు పైవరసల్లోనే ఉన్నాయి. ఎల్ఏడీ మొదటి భాగం, కొమ్మ చీలే చోటు, పొడవైన బ్లాకు. కుడివైపు పాత వంద శాతం బ్లాకు, దాన్ని స్టెంటుతో తెరవడం మామూలు బ్లాకు తెరిచినంత సులువు కాదు. రెండు నాళాల చివరి భాగాలూ గ్రాఫ్టు కుట్టడానికి వీలుగా ఉన్నాయి. వీటన్నిటి మీద షుగరు. షుగరుతో పాటు ఒకటికి మించి నాళాలు పూడిన 1900 మందిని స్టెంట్లు, బైపాస్ అని రెండు జట్లుగా విడదీసి చూసిన ఫ్రీడమ్ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. ఐదేళ్ళకు స్టెంట్ల జట్టులో నూటికి 16.3 మంది, బైపాస్ జట్టులో 10.9 మంది చనిపోయారు. పక్షవాతం మాత్రం బైపాస్ జట్టులో ఎక్కువ, 5.2 శాతం. స్టెంట్ల జట్టులో అది 2.4 శాతం. అందుకే సరైన చివరి వరస 'సీఏబీజీ' అన్న ఒక్క మాటతో ఆగదు. 'గుండె ఆపరేషన్ చేసే సర్జన్‌తో కలిసి చర్చించాలి, బైపాస్ మంచిది, ఓఎం-1 సంగతి విడిగా తేల్చాలి' అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. ఓఎం-1ను విడిగా తేల్చమనడానికి కారణముంది. అంతగా ఇరుకుకాని నాళానికి గ్రాఫ్టు కుడితే సొంత నాళంలోని ప్రవాహం దానితో పోటీపడుతుంది. గ్రాఫ్టు వాడక లేక మూసుకుపోయే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు ఇదే మనిషిని కొంచెం మార్చి చూద్దాం. షుగరు లేదు, ఆర్‌సీఏ బాగుంది, ఎల్ఏడీలో 80 శాతం బ్లాకు డయాగనల్ దాటాక మధ్య భాగంలో, పొట్టిగా ఉంది. అంకె మారలేదు, సలహా మారిపోయింది. ఒక్క స్టెంటుతో పోవచ్చు, లేదా ముందు మందులతో మొదలుపెట్టి నొప్పి తగ్గకపోతే స్టెంటు ఆలోచించవచ్చు. నిలకడగా ఉన్న జబ్బులో మందులతో మొదలుపెట్టినంత మాత్రాన మరణాలు గానీ గుండెపోట్లు గానీ పెరగవని 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనం చూపింది. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంటుకో బైపాసుకో మొగ్గు కనిపించింది. లెఫ్ట్ మెయిన్‌లో ముఖ్యమైన బ్లాకు ఉన్నవాళ్ళను ఆ అధ్యయనంలో చేర్చలేదు కాబట్టి ఆ మాట వాళ్ళకు వర్తించదు.

గుండెపోటు నడుస్తుండగా చేసే యాంజియోగ్రామ్‌కు ఈ తీరిక ఉండదు. అక్కడ గుండెపోటు తెచ్చిన నాళాన్ని వెంటనే తెరుస్తారు. రిపోర్టులో ముందు టిమి 0, తర్వాత టిమి 3 అని కనిపిస్తుంది. మిగతా నాళాల సంగతి తర్వాత ఆలోచిస్తారు. నిలకడగా ఉన్న మనిషిని టేబుల్ మీదే ఉంచి, బయటికొచ్చి "ఇప్పుడే స్టెంటు వేసేయమంటారా?" అని అడిగినప్పుడు మాత్రం ఈ తేడా గుర్తుంచుకోవాలి. లెఫ్ట్ మెయిన్ బ్లాకు, షుగరుతో రెండు మూడు నాళాల జబ్బు ఉన్నచోట సర్జన్‌తో మాట్లాడే దాకా ఆగమనడంలో తప్పేమీ లేదు.

రిపోర్టు చేతికొచ్చాక అందులో నాలుగు విషయాలు చూడండి. ప్రతి శాతం పక్కన చోటు రాశారా? అవతలి ప్రవాహం రాశారా? 40 నుంచి 70 మధ్య అంకెలుంటే వాటిని ఎలా తేల్చారు? సలహాకు కారణం పైవరసల్లో దొరుకుతోందా? దొరక్కపోతే డాక్టరు గారినే అడగండి, చెప్పడం ఆయన బాధ్యత. యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకుని జాగ్రత్త చేయండి. రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో తీసిన రిపోర్టు ఫొటో చూపించి సరిపెట్టకండి. ఆ కాగితం మీదున్నది ఒక డాక్టరు కంటి అంచనా. రెండో అభిప్రాయం ఇచ్చేవారు తమ కంటితో చూడవలసింది ఆ సీడీనే.